వాట్సాప్ టిక్కులు: చేరిన, చదివిన గుర్తుల సాక్ష్య విలువ

వాట్సాప్‌లో మనం పంపిన సందేశం కింద, సమయం పక్కన కనిపించే చిన్న గుర్తులను టిక్కులు అంటారు. బూడిద రంగు టిక్ ఒకటి పడితే సందేశం మన ఫోన్ దాటి వాట్సాప్ సర్వర్‌కు చేరినట్టు. రెండు పడితే అవతలివారి పరికరానికి అందినట్టు. ఆ రెండూ నీలంగా మారితే అవతలివారి యాప్‌లో ఆ సంభాషణ తెరుచుకున్నట్టు. అప్పు గడువు, అద్దె నోటీసు, ఉద్యోగానికి రాజీనామా, భార్యాభర్తల మధ్య వివాదం వంటి వ్యవహారాల్లో “బ్లూ టిక్ పడింది, చూడలేదంటే ఎలా?” అన్న వాదన ఇప్పుడు తరచుగా వినిపిస్తుంది. దానికి ఆధారంగా స్క్రీన్‌షాట్ చూపిస్తారు. ఆ స్క్రీన్‌షాట్ ఎంతవరకు రుజువు చేయగలదన్నది రెండు ప్రశ్నల మీద ఆధారపడుతుంది. టిక్ అసలు దేన్ని నమోదు చేసింది అన్నది మొదటిది. ఆ నమోదును స్క్రీన్‌షాట్ ఎంత నమ్మకంగా మన ముందుకు తెచ్చింది అన్నది రెండోది.

టిక్ ఎలా పడుతుంది

పంపే మీట నొక్కగానే సందేశం పక్కన ముందుగా గడియారం బొమ్మ కనిపిస్తుంది. అంటే సందేశం ఇంకా పంపినవారి ఫోన్‌లోనే ఉంది. ఇంటర్నెట్ అంది, సర్వర్ దాన్ని తీసుకున్నానని బదులిస్తే గడియారం పోయి మొదటి టిక్ పడుతుంది. అవతలి ఫోన్ ఆ సమయానికి అందుబాటులో లేకపోతే సందేశం సర్వర్‌లోనే ఆగుతుంది. అలా 30 రోజుల వరకు ఉంచి, అప్పటికీ చేరకపోతే తొలగిస్తారు.

అవతలి ఫోన్ నెట్‌కు కలవగానే సందేశం అక్కడికి దిగుతుంది. అప్పుడు ఆ ఫోన్‌లోని యాప్, మనిషి ప్రమేయం లేకుండానే, ‘అందింది’ అని ఒక రసీదును వెనక్కి పంపుతుంది. అది సర్వర్ మీదుగా పంపినవారి ఫోన్‌కు వచ్చాక రెండో టిక్ పడుతుంది. నీలి రంగు కూడా ఇలాంటి మరో రసీదు వల్లే వస్తుంది. అవతలివారు సంభాషణ తెరిచి, సందేశం తెర మీదికి వచ్చినప్పుడు వారి యాప్ ఈ రసీదు పంపుతుంది.

ఇక్కడ గమనించవలసింది ఒకటుంది. మొదటి టిక్‌కు సర్వర్ సాక్షి అయితే మిగతా రెండింటికీ అవతలివారి పరికరమే సాక్షి. ఆ పరికరం చూసిందల్లా తనలోకి ఏం వచ్చింది, తన తెర మీద ఏం తెరుచుకుంది అన్నవే. తెర ముందు ఎవరున్నారన్నది దానికి తెలియదు.

నీలి టిక్కులు 2014 నవంబరులో వచ్చాయి. అంతకుముందు రెండు టిక్కులు పడితే చదివేసినట్టేనని చాలామంది అనుకునేవారు. ఆ అపోహ ఇప్పటికీ పూర్తిగా పోలేదు. దానికి తోడు, ఇదే గుర్తు మరో యాప్‌లో మరో అర్థం ఇస్తుంది. టెలిగ్రామ్‌లో ఒక టిక్ సర్వర్‌కు చేరినట్టు, రెండు టిక్కులు అవతలివారు సంభాషణ తెరిచినట్టు. పరికరానికి అందింది అని చెప్పే విడి గుర్తు అందులో లేదు. కాబట్టి స్క్రీన్‌షాట్ చూడగానే తేల్చుకోవలసిన మొదటి విషయం అది ఏ యాప్‌ది అన్నదే.

రెండో టిక్ చెప్పేది, చెప్పనిది

రెండో టిక్ పడితే సందేశం ఆ ఖాతాకు చెందిన ఒక పరికరానికి అందిందని గట్టిగా చెప్పవచ్చు. ఆ పరికరం చేతిలోని ఫోనే అయి ఉండాలని లేదు. ఖాతాకు జత చేసిన ఆఫీసు కంప్యూటర్‌కు అందినా రెండో టిక్ పడుతుంది. ఫోన్ ఇంట్లో ఆగిపోయి ఉన్నా, కంప్యూటర్‌లో వాట్సాప్ నడుస్తుంటే చాలు.

వాట్సాప్ ఖాతా ఫోన్ నంబరుకు కట్టి ఉంటుంది. అయినా ఖాతా నడిచే ఫోన్‌లో ఆ నంబరు సిమ్ లేకపోయి ఉండవచ్చు. సిమ్ మార్చినవారు పాత నంబరు మీదే ఖాతా నడుపుతూ ఉండవచ్చు. వదిలేసిన నంబరు కొంతకాలానికి టెలికాం సంస్థ ద్వారా మరొకరికి వెళ్లిపోనూవచ్చు. ఏళ్లుగా మాట్లాడని మనిషి పాత నంబరుకు పంపిన సందేశానికి రెండు టిక్కులు పడ్డాయంటే, అది ఆ మనిషికే చేరిందని చెప్పలేం. ఆ నంబరు ఇప్పుడు ఎవరిదో విడిగా చూపించాలి.

గ్రూపులో లెక్క వేరు. సభ్యులందరికీ అందాకే రెండో టిక్ పడుతుంది, అందరూ తెరిచాకే నీలం వస్తుంది. అపార్ట్‌మెంట్ గ్రూపులో 40 మంది ఉండి ఒక్కరి ఫోన్ ఆగిపోయి ఉన్నా మిగతా 39 మందికి అందిన సంగతి ఆ ఒక్క టిక్‌లో కనిపించదు. ఎవరికి ఎప్పుడు చేరిందో తెలియాలంటే సందేశాన్ని నొక్కి పట్టి `Message info` అనే తెరలోకి వెళ్లాలి.

నీలి టిక్ పడితే చదివినట్టేనా?

నీలి టిక్ నమోదు చేసేది సంభాషణ తెరుచుకోవడాన్ని. చదవడం దానికి అందే విషయం కాదు. పొడవాటి సందేశంలో మొదటి భాగమే కనిపించి మిగతాది మడత పడి ఉన్నా నీలం వచ్చేస్తుంది. ఫోన్ పట్టుకున్నది ఇంట్లో పిల్లలైనా, దుకాణంలో గుమస్తా అయినా వస్తుంది. కంప్యూటర్ తెర మీద ఆ సంభాషణ ముందే తెరిచి ఉంటే, కొత్తగా వచ్చిన సందేశానికీ వెంటనే నీలం పడే అవకాశం ఉంది.

జతచేసిన ఫైళ్ల విషయంలో ఈ తేడా మరీ ముఖ్యం. పీడీఎఫ్ నోటీసు పంపితే దాని పక్కన పడే నీలి టిక్ ఆ సంభాషణ తెరుచుకుందనే చెప్తుంది. పీడీఎఫ్‌ను తెరిచారో లేదో చెప్పే ప్రత్యేక రసీదు వాట్సాప్‌లో లేదు. అలాంటి విడి రసీదు ఉన్నది వాయిస్ సందేశానికి. దాన్ని వింటే మైక్ బొమ్మ నీలంగా మారుతుంది. అందుకే నోటీసులోని ముఖ్య విషయాన్ని పీడీఎఫ్‌తో పాటు సందేశంలోనే నాలుగు వాక్యాల్లో రాయడం మేలు. అప్పుడు సంభాషణ తెరిచినవారి కంట అసలు విషయమే పడుతుంది.

టిక్ పడకపోతే

ఒక టిక్ దగ్గరే ఆగిపోతే కారణం బ్లాక్ చేయడం కావచ్చు, ఫోన్ ఆగిపోవడం కావచ్చు, నెట్ లేకపోవడం కావచ్చు, యాప్ తీసేయడమూ కావచ్చు. గుర్తు చూసి వీటిలో ఏదో విడదీయలేం. బ్లాక్ చేశారని పంపినవారికి తెలియకుండా ఉండాలనే యాప్‌ను అలా తయారుచేశారు. కాబట్టి “కావాలనే తప్పించుకుంటున్నారు” అని చెప్పడానికి ఒంటి టిక్ చాలదు. పంపే ప్రయత్నం జరిగిందనడానికి మాత్రం అది పనికొస్తుంది.

నీలం రాకపోవడం కూడా అంతే. సెట్టింగ్స్‌లో `Read receipts` ఆపేస్తే ఇద్దరి మధ్య సంభాషణల్లో నీలి టిక్కులు పడవు. పంపినవారు ఆపుకున్నా వారికి అవతలివారి నీలం కనిపించదు. తాళం వేసిన తెర మీద నోటిఫికేషన్‌లోనే సందేశం మొత్తం చదివి, సంభాషణ తెరవకుండా వదిలేసినా బూడిద టిక్కులే ఉంటాయి. అంటే నీలం ఉన్నా చదివి ఉండకపోవచ్చు, నీలం లేకపోయినా చదివి ఉండవచ్చు. గ్రూపుల్లో నీలి టిక్కును, వాయిస్ సందేశం విన్న గుర్తును మాత్రం ఈ సెట్టింగ్ ఆపలేదు.

టిక్ పక్కనున్న సమయం ఎవరిది?

టిక్కుల స్క్రీన్‌షాట్‌లో ఎక్కువమంది పొరపడేది సమయం దగ్గరే. ఊహించిన ఒక ఉదాహరణతో దీన్ని చూద్దాం. గుంటూరులో ఒక ఇంటి అద్దె ఒప్పందంలో, ఖాళీ చేయించాలంటే రెండు నెలల ముందు నోటీసు అద్దెదారుకు అందాలని, దాన్ని ఫలానా వాట్సాప్ నంబరుకు పంపవచ్చని రాసుకున్నారు. మే 31కి ఇల్లు ఖాళీ కావాలి. యజమాని మార్చి 31 రాత్రి 9:12కి సందేశం పంపాడు. తర్వాత తగాదా వచ్చినప్పుడు ఆయన చూపిన స్క్రీన్‌షాట్‌లో ‘9:12 pm’ అని, దాని పక్కనే రెండు నీలి టిక్కులు ఉన్నాయి. చూసినవారెవరికైనా మార్చి 31 రాత్రే అద్దెదారు చదివాడనిపిస్తుంది.

నిజానికి 9:12 అన్నది పంపిన సమయం. టిక్కులు ఎప్పుడు పడినా, ఎప్పుడు నీలమైనా ఆ అంకె మారదు. యజమాని ఫోన్‌లో అదే సందేశానికి `Message info` తెరిస్తే అసలు వరస బయటపడింది. `Delivered` పక్కన ఏప్రిల్ 1 ఉదయం 6:05, `Read` పక్కన ఏప్రిల్ 4 మధ్యాహ్నం 1:20 ఉన్నాయి. అద్దెదారు ఫోన్ ఆ రాత్రి ఆగిపోయి ఉంది. ఒప్పందం ప్రకారం నోటీసు అందవలసింది మార్చి 31లోపు కనుక, అది ఒక్క రోజు ఆలస్యమైంది. తనను గెలిపిస్తుందని యజమాని అనుకున్న స్క్రీన్‌షాటే అసలు తేదీని కప్పిపెట్టింది.

ఇదే కథలో ఒక్క విషయం మార్చి చూద్దాం. ఫోన్ ఆగిపోయి ఉన్నా అద్దెదారు దుకాణంలోని కంప్యూటర్‌లో వాట్సాప్ నడుస్తోందనుకుందాం. అప్పుడు `Delivered` సమయం రాత్రి 9:12 అనే ఉండేది. దుకాణం మూసి ఉందని, తెర ముందు ఎవరూ లేరని అద్దెదారు చెప్పినా, ‘అందాలి’ అన్న షరతు నెరవేరిందని యజమాని వాదించగలిగేవాడు. ‘చదవాలి’ అని షరతు ఉంటే మాత్రం ఆ వాదన నిలవదు. ఒప్పందంలో ఏ మాట రాసుకున్నారన్నదాన్ని బట్టి ఏ టిక్ ముఖ్యమో మారిపోతుంది.

స్క్రీన్‌షాట్ బలహీనతలు

స్క్రీన్‌షాట్ అంటే తెర మీద ఆ క్షణాన కనిపించినదాని బొమ్మ. సందేశాల వెనకున్న సమాచారం ఏదీ అందులోకి రాదు. పైన కనిపించే పేరు కూడా ఫోన్ యజమాని సేవ్ చేసుకున్నదే. ఎవరి నంబరునైనా ఎవరి పేరుతోనైనా సేవ్ చేసి, తనకున్న రెండో ఫోన్ నుంచి జవాబులు పంపుకుని స్క్రీన్‌షాట్ తీస్తే, బొమ్మలో ఒక్క చుక్క కూడా దిద్దకుండానే అబద్ధపు సంభాషణ తయారవుతుంది. పేరు, సమయం, టిక్ రంగు మనమే ఎంచుకుని నకిలీ చాట్ బొమ్మలు చేసిపెట్టే యాప్‌లూ ఉన్నాయి.

నిజమైన సంభాషణలోనూ మార్పులకు చోటుంది. తన ఫోన్‌లో తనకు నచ్చని సందేశాలను తొలగించుకుంటే మిగతావి దగ్గరికి జరిగిపోతాయి, మధ్యలో ఖాళీ కనిపించదు. 2023 నుంచి పంపిన సందేశాన్ని 15 నిమిషాల్లోపు దిద్దే వీలుంది. దిద్దితే `Edited` అన్న మాట పడుతుంది. అలాంటి సందేశం పక్కన నీలి టిక్కులుంటే, అవతలివారు చూసింది ముందు రాసిన రూపాన్నా, దిద్దిన రూపాన్నా అని స్క్రీన్‌షాట్ చెప్పలేదు. డబ్బు మొత్తాన్ని దిద్దిన చోట ఇది చిన్న తేడా కాదు.

సంభాషణను ఎగుమతి చేసి ఇస్తే సరిపోతుందని కొందరు అనుకుంటారు. ఎగుమతి చేసినప్పుడు వచ్చే ఫైలులో ఒక్కో సందేశం ఇలా ఉంటుంది:

```
31/03/25, 9:12 pm - యజమాని: మే 31కి ఇల్లు ఖాళీ చేయాలి.
```

తేదీ, పంపిన సమయం, పేరు, మాట అన్నీ ఉన్నాయి. టిక్కులే లేవు. ఎప్పుడు అందింది, ఎప్పుడు తెరిచారు అన్నవి ఈ ఫైలులోకి రావు. పైగా ఇది మామూలు టెక్స్ట్ ఫైలు, ఎవరైనా తెరిచి దిద్దవచ్చు. సంభాషణలో ఏం మాట్లాడుకున్నారో చూపడానికి ఇది పనికొస్తుంది గానీ, చేరిందా లేదా అన్న వివాదానికి అక్కరకు రాదు.

ఫోన్ లోపలి రికార్డు

టిక్కు అసలు రూపం ఫోన్ లోపలి డేటాబేస్‌లో ఉంటుంది. ఆండ్రాయిడ్ ఫోన్‌లో అది `msgstore.db` అనే ఫైలు, ఐఫోన్‌లో `ChatStorage.sqlite`. పంపిన ప్రతి సందేశానికీ అది ఏ దశలో ఉందో అక్కడ ఒక అంకెగా రాసి ఉంటుంది. ఇటలీకి చెందిన కోసిమో ఆంగ్లానో 2014లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, అప్పటి ఆండ్రాయిడ్ వాట్సాప్‌లో సందేశం సర్వర్ దగ్గర ఆగి ఉంటే 4, అవతలివారికి అందితే 5 అని ఉండేది. తర్వాతి వెర్షన్లలో `receipt_user` అనే పట్టికలో అందిన సమయానికి, చదివిన సమయానికి, విన్న సమయానికి వేర్వేరు గడులున్నాయి. 1970 జనవరి 1 నుంచి ఎన్ని మిల్లీసెకన్లు గడిచాయో ఆ సంఖ్యగా సమయాన్ని రాస్తారు. ఫోరెన్సిక్ నిపుణులు చూసేది ఈ గడులనే.

ఇది స్క్రీన్‌షాట్ కంటే ఎంతో గట్టి ఆధారమే అయినా పంపినవారి ఫోన్‌లోనే ఉన్న రికార్డు. పరికరం మీద పూర్తి అధికారం సంపాదించినవారు దాన్ని కూడా మార్చగలరు. అందుకే రెండు ఫోన్లనూ పరీక్షించినప్పుడే అనుమానానికి తావు తగ్గుతుంది. ఒకే సందేశం రెండు చోట్లా ఉండి, పంపిన, అందుకున్న సమయాలు ఒకదానితో ఒకటి పొసగితే ఒకరు కల్పించారనడం కష్టం. సర్వర్ దగ్గర మూడో ప్రతి దొరుకుతుందని ఆశించలేం. సందేశం అందాక సర్వర్ నుంచి తొలగిపోతుంది, ఉన్నంతసేపూ అది సంస్థ చదవలేని విధంగా ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది.

భారత చట్టం ఏమంటుంది

ఎలక్ట్రానిక్ సందేశం ఎప్పుడు పంపినట్టు, ఎప్పుడు అందినట్టు అన్నది సమాచార సాంకేతిక చట్టం, 2000లోని 13వ సెక్షన్ చెప్తుంది. పక్షాలు వేరుగా ఒప్పుకోకపోతే, సందేశం పంపినవారి అదుపు దాటి మరో కంప్యూటర్ వనరులోకి వెళ్లినప్పుడు పంపినట్టు. అందుకునేవారు ఫలానా వనరుకు పంపమని నిర్దేశించి ఉంటే, అందులోకి ప్రవేశించినప్పుడే అందినట్టు. ఈ లెక్కన మొదటి టిక్ పంపడానికి, రెండో టిక్ అందడానికి దగ్గరగా సరిపోతాయి. నీలి టిక్ అవసరం ఈ సెక్షన్‌లో ఎక్కడా లేదు. అద్దె ఒప్పందంలో నంబరు ముందుగా రాసుకోవడం వల్ల యజమానికి కలిగే లాభం ఇదే.

కోర్టులు టిక్కులను పట్టించుకున్న సందర్భాలున్నాయి. 2018 జూన్‌లో బాంబే హైకోర్టులో ఎస్‌బీఐ కార్డ్స్ సంస్థ వేసిన కేసులో, నోటీసు తప్పించుకుంటున్న బాకీదారుకు వాట్సాప్‌లో పీడీఎఫ్ నోటీసు పంపారు. సందేశమూ, జతచేసిన పత్రమూ రెండూ తెరిచినట్టు గుర్తులు స్పష్టంగా చూపుతున్నాయని జస్టిస్ గౌతమ్ పటేల్ పేర్కొని, నోటీసు అందినట్టే పరిగణించారు. పత్రం తెరిచినట్టు గుర్తు చెప్పలేదన్న సాంకేతిక అభ్యంతరం ఇక్కడ న్యాయంగానే లేవనెత్తవచ్చు. అయితే మనిషి తప్పించుకుంటున్నాడన్న ఇతర పరిస్థితులు కూడా కోర్టు ముందు ఉన్నాయని మరువకూడదు. కోవిడ్ కాలంలో, 2020 జులైలో, ఈమెయిల్‌తో పాటు వాట్సాప్ వంటి యాప్‌ల ద్వారా కూడా నోటీసులు పంపేందుకు సుప్రీంకోర్టు వీలు కల్పించింది.

మనిషి స్వేచ్ఛ ముడిపడిన చోట మాత్రం న్యాయస్థానం గీత గీసింది. విచారణకు హాజరు కమ్మని పోలీసులిచ్చే నోటీసును, అంటే పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 41ఎ, ఇప్పటి భారతీయ నాగరిక సురక్షా సంహిత 35వ సెక్షన్ కింది నోటీసును, వాట్సాప్‌లో పంపితే సరిపోదని సుప్రీంకోర్టు సతేందర్ కుమార్ అంటిల్ కేసులో 2025 జనవరిలో ఆదేశించింది. ఆ ఆదేశాన్ని సడలించమని హర్యానా ప్రభుత్వం కోరితే అదే ఏడాది నిరాకరించింది. ఈ నోటీసుకు హాజరు కాకపోతే అరెస్టు దాకా వెళ్లవచ్చు. ఎవరి చేతికి అందిందో చెప్పలేని గుర్తు మీద అరెస్టును నిలబెట్టడం తగదు.

ఆధారాన్ని భద్రపరచడం

2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్, 2023లోని 63వ సెక్షన్ ప్రకారం, ఎలక్ట్రానిక్ రికార్డు నకలును కోర్టులో పెట్టాలంటే దానితో ధ్రువపత్రం ఇవ్వాలి. ఇందులో రెండు భాగాలున్నాయి. ఎ భాగాన్ని ఆధారం ఇచ్చే పక్షం, బి భాగాన్ని నిపుణుడు నింపాలి. ఫైలు హాష్ విలువ కూడా రాయాలి. ఫైలులో ఒక్క అక్షరం మారినా మారిపోయే సంఖ్య అది. విండోస్ కంప్యూటర్‌లో ఇలా తెలుసుకోవచ్చు:

```
certutil -hashfile chat.zip SHA256
```

పాత సాక్ష్య చట్టం కింద అర్జున్ పండిత్‌రావ్ ఖోత్కర్ కేసులో 2020లో సుప్రీంకోర్టు ధ్రువపత్రం తప్పనిసరని తేల్చింది. పరికరం సొంతదారు స్వయంగా సాక్షిగా వచ్చి అసలు పరికరాన్నే చూపితే ఆ అవసరం లేదనీ చెప్పింది. కాబట్టి వివాదం వస్తుందనిపించినప్పుడు మొదట కాపాడుకోవలసింది ఫోన్‌నే. దాన్ని రీసెట్ చేయకూడదు, మార్చుకోవడానికి దుకాణంలో ఇవ్వకూడదు. ఆ సంభాషణలో డిసప్పియరింగ్ మెసేజెస్ సెట్టింగ్ ఉంటే సందేశాలు 24 గంటల్లో, 7 రోజుల్లో లేదా 90 రోజుల్లో మాయమవుతాయి కనుక దాన్ని వెంటనే చూసుకోవాలి. తర్వాత సంభాషణ, నంబరు కనిపించే ప్రొఫైల్ తెర, ముఖ్యమైన ప్రతి సందేశపు `Message info` తెర, ఈ మూడూ ఆగకుండా ఒకే వీడియోలో వచ్చేలా మరో ఫోన్‌తో తీసుకోవడం మంచిది. విడి స్క్రీన్‌షాట్లలో తెగిపోయే లంకె ఇందులో నిలుస్తుంది.

ఇవన్నీ చేసినా నీలి టిక్ ఇచ్చేది ఒక పరికరంలో ఒక సంభాషణ తెరుచుకుందన్న సమాచారమే. అక్కడినుంచి మనిషి దాకా వెళ్లాలంటే ఆ మనిషి చేసిన పని కావాలి. “మే 31 కుదరదు, జూన్ దాకా ఆగండి” అని అద్దెదారు జవాబిచ్చి ఉంటే, అందిందా, చదివాడా, అర్థమైందా అన్న మూడు ప్రశ్నలకూ ఆ ఒక్క వాక్యం బదులు చెప్పేది. అద్దె బాకీ అడిగిన సందేశం తర్వాత అంతే మొత్తం ఖాతాలో పడటం, ఫోన్‌లో అదే విషయం మాట్లాడటం కూడా అలాంటి ఆధారాలే. అందుకే ముఖ్యమైన సందేశం చివర “అందిందని దయచేసి జవాబివ్వండి” అని రాయాలి. జవాబు రాకపోతే అదే నోటీసును పోస్టులో కూడా పంపాలి.